కుట్టుమిషన్ ఆవిడ సినిమా

మా ఇంట్లో ఆదివారం సినిమా ఎంచే పని నాది. శనివారం సాయంత్రం కూరగాయల సంచీ పట్టుకుని అరకు జంక్షన్ దాకా నడుస్తాను. సిగ్నల్ బాగా దొరికేది అక్కడే. మందుల షాపు పక్కనున్న అరుగు మీద కూర్చుని, పాత తెలుగు సినిమాల్లో ఒకటి వెతికి ఫోన్లోకి దించుకుంటాను. ఇంట్లో అప్పటికప్పుడు పెడితే బొమ్మ పది నిమిషాలకోసారి ఆగి చక్రం తిరుగుతుంది. మధ్యలో ప్రకటనలు పెద్ద గొంతుతో విరుచుకుపడితే నాన్న గుండె పట్టుకుంటాడు. అందుకే ముందే దించి పెట్టుకుని, మర్నాడు వైరుతో టీవీకి తగిలిస్తాను.

నాన్నకి ఎనభై నాలుగు. చెవులు సరిగా వినపడవు. అమ్మకి డెబ్భై ఎనిమిది. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, అయినా చీకటి దృశ్యాలు కంటికి ఆనవు. మా ఆయన పోయి, ఆశ్రమ పాఠశాలలో నా టీచరు ఉద్యోగం అయిపోయాక, ఇద్దరినీ నా ఇంటికి తెచ్చుకున్నాను. ముగ్గురం ఉంటాం. మాట్లాడుకునేది తక్కువ. ఒకరికి వినపడదు, ఒకరు అడిగిందే మళ్లీ అడుగుతారు. సినిమా ఉన్న మూడు గంటలూ ఇల్లు కాస్త నిండుగా ఉంటుంది.

సినిమా ఎంచడం తేలిక అనుకునేదాన్ని. పాత కుటుంబ చిత్రం అని ఉంటే చాలు, పెట్టేసేదాన్ని. మొదటి నెలలోనే బుద్ధి వచ్చింది. కుటుంబ చిత్రాల్లో సగం ముసలి తల్లిదండ్రుల్ని కొడుకులు వాకిట్లోకి గెంటే కథలే. అలాంటిది ఒకటి చూశాక నాన్న రెండు రోజులు అన్నం సగంలో వదిలేశాడు. "ఏటి నాన్నా?" అంటే, "మేం నీకు బరువైపోనాం గావాల" అన్నాడు. అప్పట్నుంచీ నేను మొదట ముగింపు చూస్తాను. తర్వాత మధ్యలో పదేసి నిమిషాలు అక్కడక్కడా చూస్తాను. అత్త కోడల్ని కొట్టేవి, తండ్రి మంచాన పడేవి తీసేస్తాను.

ఒకే సినిమాని నలుగురు పెట్టి ఉంటారు. నిడివి చూసుకోవాలి. రెండు గంటల లోపే ఉందంటే పాటలు కోసేశారని అర్థం. పాట పోతే అమ్మకి సినిమా పోయినట్టే. బొమ్మ గీతలు పడినా పరవాలేదు, మాట స్పష్టంగా ఉండాలి, లేకపోతే నాన్న కుర్చీ పక్కన పెట్టే చిన్న స్పీకరు బరబరమని గొణుగుతుంది. పాత బొమ్మ చదరంగా ఉంటుంది. కొందరు దాన్ని తెరంతా సాగదీసి పెడతారు. మా టీవీ కూడా అదే పని చేసేది. మొదట్లో నాయికల మొహాలు పనసకాయల్లా కనిపిస్తే అమ్మ "ఈవిడ ఇంత లావెప్పుడయ్యిందే?" అంది. రిమోట్లో వెతికి చదరం చేశాను, అటూ ఇటూ నల్ల పట్టీలు వచ్చాయి. ఒకసారి రంగులద్దిన నలుపు తెలుపు సినిమా పెట్టాను. అమ్మ చూడనంది. "ఆ సీర రంగు నాకు తెల్సును, ఇది కాదు" అంది. నలుపు తెలుపులో చీర రంగు ఎలా తెలిసిందో అడగలేదు.

భోజనాలకి ముందు విశ్రాంతి దాకా, టీ తాగాక మిగతాది. అలా అలవాటు చేసుకున్నాం. ఇద్దరూ ఎప్పుడో చూసినవైతే మరీ మంచిది, వినపడకపోయినా నాన్న కథ అందుకుంటాడు. కాని అమ్మ 'చూసిన' సినిమాలతో నాకొక చిక్కు ఉంది. ఆమె అవేవీ చూడలేదు. విన్నది.

"ఆ కుట్టుమిషన్ ఆవిడ సినిమా పెట్టవే," అంది అమ్మ ఈ మధ్య ఒక ఆదివారం. "పిల్లకి జొరం వస్తాది సూడు. సివర్న లేచి పెరుగన్నం అడుగుతాది. అది."

రిమోట్ కింద పెట్టేశాను.

అమ్మ ఆ కథ విన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న ప్రభుత్వ కాఫీ నర్సరీలో మేస్త్రీ. కొండవాలు మీద మాదొక పెంకుల క్వార్టరు, చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు. అమ్మకి నెలలు నిండుతున్నాయని దిగువన విజయనగరం దగ్గరి ఊరి నుంచి పిన్ని సాయం వచ్చింది. దానికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. సన్నగా, చేతులు ఊపుకుంటూ మాట్లాడేది. వలిసె పూలు పూసి లోయంతా పసుపు ఆరబోసినట్టు ఉన్న రోజుల్లో అమ్మకి ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజున ఆ పిల్లకి జ్వరం వచ్చింది. పదకొండో రోజున లేదు.

ఆ తర్వాత అమ్మ గది దాటి రాలేదు. ఏడ్చేది కూడా కాదు. పాలు పోసే కొండ ఆవిడ రాగి అంబలి అడ్డాకు దొప్పలో పోసి తెచ్చి మంచం పక్కన పెట్టి, అమ్మ పాదాలు కాసేపు పిసికి వెళ్లిపోయేది. అంబలి పుల్లటి వాసన గదంతా పట్టేది. అమ్మ ముట్టుకునేది కాదు. నాన్న వాకిట్లో కూర్చుని బీడీ మీద బీడీ కాల్చేవాడు. నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. చెల్లి పోయిందని నాకు దిగులు కాదు, నిజం చెప్పాలంటే దాని మొహం కూడా నాకు సరిగా గుర్తు లేదు. అమ్మ నన్ను చూసినా చూడనట్టు ఉండేది, అదీ నా దిగులు.

సంతకి వెళ్లి సరుకులు తెమ్మని ఒకరోజు నాన్న పిన్నినీ నన్నూ పంపాడు. సంత వెనక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. అదే సినిమా హాలు. సంత రోజు మాత్రం మధ్యాహ్నం ఆట వేసేవారు. తలుపులకి గోనెపట్టాలు కట్టినా, రేకుల మేకు కంతల్లోంచి ఎండ సన్నటి దారాల్లా దిగేది. పిన్ని నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. "ఇంట్లో సెప్పావంటే సంపెత్తాను" అంది.

లోపల నేల మీద ఊక పోసి ఉంది. తడిసిన గొంగళ్ల వాసన, చుట్ట పొగ, ఎవరో ఒళ్లో పెట్టుకున్న జామపళ్ల వాసన. కొండ మీది ఊళ్ల వాళ్లు బుట్టలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. చాలామందికి తెలుగు సగమే తెలుసు. అయినా తెర మీద నాయిక ఏడిస్తే ఆడవాళ్లందరూ చీర చెంగులు తీసేవారు. నేను కాల్చిన చింతపిక్కలు బుగ్గన పెట్టుకుని చూశాను.

ఆ సినిమాలో ఒక పేద ఆవిడ కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టి బతుకుతుంది. తన పసిపిల్లని పెద్దింటి వాళ్లకి పెంచుకోమని ఇచ్చేస్తుంది. ఆ ఇంటికే బట్టలు కుట్టే నెపంతో వెళ్లి, దూరం నుంచి పిల్లని చూసుకుంటూ ఉంటుంది. చివర్న పిల్లకి జ్వరం వస్తుంది. కన్నతల్లి ఒళ్లో కళ్లు మూస్తుంది. అంతే, తెల్లటి తెర. పిన్ని బయటకి వచ్చి బావి దగ్గర మొహం కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది.

ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైంది. నాన్న నర్సరీ నుంచి ఇంకా రాలేదు. అమ్మ మంచం మీంచే అడిగింది. "ఇంతసేపు ఏటి సేత్తన్నారు?"

ఎన్నో రోజుల తర్వాత అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. పిన్ని అబద్ధం ఆడలేకపోయింది. "సినిమాకి ఎల్లినాం అప్పా," అని అక్కకి చెప్పేసింది. తిట్లు పడతాయని నేను తలుపు చాటుకి జరిగాను. అమ్మ తిట్టలేదు. "ఏ కత?" అంది.

పిన్ని మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పడం మొదలెట్టింది. చెప్పడం కాదు, ఆడి చూపించింది. మిషన్ తొక్కింది. పెద్దింటి ఆవిడలా మెడ వంకర పెట్టి మాట్లాడింది. పాటొస్తే పాడింది, మాటలు రాని చోట కూనిరాగం తీసింది. నేను పిన్ని పక్కనే, అన్నం కోసం వేసిన విస్తరాకుల ముందు కూర్చుని ఇద్దర్నీ చూస్తున్నాను. పిల్లకి జ్వరం వచ్చే చోటుకి వచ్చాక పిన్ని గొంతు ఆగింది. అప్పుడే దానికి తట్టినట్టుంది తాను ఎక్కడికి వచ్చిందో.

అమ్మ లేచి కూర్చుంది. "పిల్ల బతికినాదా?"

"బతికినాది అప్పా," అంది పిన్ని.

నేను నోరు తెరిచాను. పిన్ని ఆకు పక్క నుంచి చెయ్యి పోనిచ్చి నా తొడ మీద గట్టిగా గిల్లింది. కళ్లమ్మట నీళ్లు వచ్చాయి.

"జొరం దిగిపోనాది. కళ్లు తెరిసింది. తెరిసి..." పిన్నికి ఆపైన తోచలేదు. నా వైపు చూసింది.

"పెరుగన్నం అడిగింది," అన్నాను నేను.

ఎందుకన్నానో తెలియదు. నాకు ఆకలేస్తోంది, అంతే. అమ్మ ఆ మాట విని గట్టిగా ఊపిరి వదిలింది. ఆ పూట పిన్ని పెరుగన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తింది.

ఆ చలికాలం నుంచి కాఫీ పూలు పూసే దాకా అదే మా పని. మొదట కొన్ని వారాలు దొంగచాటుగా వెళ్లాం. ఆ తర్వాత ఏమైందో, సినిమా అంటే పళ్లు నూరే నాన్న తనే, "సంత రోజు కదే, ఎల్లండి, బేగి రండి" అని పంపడం మొదలెట్టాడు. సంత నుంచి వచ్చే దారిలో పిన్నీ నేనూ కలిసి కథ సరిచేసేవాళ్లం. చచ్చిపోయిన తండ్రిని పట్నంలో పనికి పంపేవాళ్లం. గుడ్డిదైపోయిన అక్కకి కళ్లు తెప్పించేవాళ్లం. నేను మరీ ఉత్సాహపడి ఒక సినిమాలో విలన్‌ని పులి చేత తినిపించాను. "అంత ఒద్దే, నమ్మదు" అని పిన్ని నవ్వి నవ్వి దారి పక్కన కూలబడింది. ఆ నవ్వు ఎలా ఉండేదో చెప్పలేను గానీ ఇప్పటికీ వినపడుతుంది. అమ్మ మెల్లగా గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చింది. ఒకరోజు కాఫీ తోటలన్నీ ఒక్కసారి పూసి కొండంతా మల్లెల వాసన కొడుతుంటే, నా తల దువ్వడానికి పిలిచింది. అది నాకు పండగ. ఆ నెలలోనే పిన్ని పెళ్లి కుదిరి కిందికి వెళ్లిపోయింది.

అందుకే ఇన్నాళ్లకి ఆ సినిమా అడిగితే "అది దొరకదమ్మా" అన్నాను. నిజానికి పేరు తెలియకపోయినా, కుట్టుమిషన్, పిల్ల, పెద్దిల్లు అని వెతికితే వారంలోనే దొరికింది. మూడు ఉన్నాయి. ఒకటి పాటలు కోసిన ముక్క. రెండోది చివరి భాగం పాడైపోయింది. పిల్ల జ్వరం తగ్గాలని తల్లి గుడి మెట్లెక్కుతుండగా బొమ్మ తెగిపోతుంది, మాట కూడా ఒకటే గరగర. మూడోది పూర్తిగా ఉంది, శుభ్రంగా వినపడుతుంది. అమ్మ నెల రోజులు విడవకుండా అడిగింది. అడిగినట్టు మర్చిపోయి మళ్లీ అడిగేది. చివరికి నేను ఆ తెగిపోయినదాన్నే ఎంచాను. తెగిన చోట, ఇంతే ఉందమ్మా అని చెప్పొచ్చు. ఎందుకైనా పనికొస్తుందని పూర్తిదీ ఫోన్లోకి దించి ఉంచాను. అదే నా పొరపాటు.

విశ్రాంతి దాకా బాగానే నడిచింది. అమ్మ ప్రతి దృశ్యం ముందే చెబుతోంది. "ఇప్పుడు పెద్దావిడ మెడ తిప్పుతాది సూడు" అని పిన్ని చేసినట్టే తిప్పి చూపించింది. తెర మీది ఆవిడ అసలు అలా తిప్పలేదు. నాన్న మాత్రం విసుక్కున్నాడు. "ఏటమ్మా ఈ గరగర? ఒక్క ముక్క ఇనపడ్డం లేదు. మార్చు." భోజనాలయ్యాక మార్చక తప్పలేదు. పూర్తిది పెట్టాను. గుడి మెట్ల దగ్గర నేనే ఆపెయ్యాలి అనుకున్నాను. ఆ నిమిషం ఎక్కడొస్తుందో చూసి పెట్టుకున్నాను కూడా.

టీలు ఇచ్చి కూర్చున్నాను. ఇంకా పావుగంట ఉందనగా గేటు దగ్గర పిలుపు. అప్పట్లో మాకు పాలు పోసిన ఆవిడ మనవరాలు ఇప్పుడు పాలు తెస్తుంది. వాళ్ల అత్తకి షుగరు పెరిగిందట, ఆసుపత్రి కాగితం చదివి చెప్పమంది. చదివాను. మందులు ఏ పూట ఏవో చీటీ మీద గీసి ఇచ్చాను. లోపల స్పీకర్లో ఏడుపు వినపడింది. పాలగిన్నె గేటు దిమ్మ మీదే పెట్టి పరుగెత్తాను.

పిల్ల తల్లి ఒళ్లో ఉంది. తల వాలిపోయి ఉంది. అమ్మ కుర్చీ అంచుకి జరిగి, ముందుకి వంగి చూస్తోంది. ఇప్పుడు ఆపితే ఇంకా తప్పు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"ఇదేటే?" అంది అమ్మ. "పెరుగన్నం ఏదీ?"

పిన్ని అయితే ఏదో ఒకటి చెప్పేది.

"కోసీసినారు!" అన్నాడు నాన్న. వినపడని వాళ్లు అరిచినట్టే అరిచాడు. "ఈ పాత సినిమాలన్నీ ఇంతే. సివర రీలు పారీసినారు. నేను హాల్లో సూసినాను. పిల్ల లేత్తాది. పెరుగన్నం అడుగుతాది."

అమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. "అయితే ఆ రీలు ఎవుడి కాడో ఉంటాది. ఎతుకు" అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని మంచం మీదికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె నమ్మిందో, ఆయన చెప్పాడని ఊరుకుందో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్న వాకిట్లో ఎండకి కూర్చున్న నాన్న దగ్గరికి వెళ్లాను. చెవి దగ్గర నోరు పెట్టి, "అప్పట్లో నువ్వు సినిమాలకే వెళ్లేవాడివి కాదు కదా, ఎప్పుడు చూశావు?" అన్నాను.

"ఇత్తనాల పని మీద ఇజీనారం ఎల్లినాను. అక్కడి హాల్లో ఇదే ఆడతంది. మీ అమ్మ పగలూ రేత్రీ అదే కత సెప్తంటే, ఏటుందా అని సూసినాను."

"చూసి?"

"కోపం వచ్చింది. ఇంత అబద్దం సెప్తారా అని, మీ పిన్నిని నిలదీద్దామనే వచ్చినాను. వచ్చేసరికి మీ అమ్మ వాకిట్లో బట్టలారేత్తంది. పాట పాడతంది." ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఇంకేటి సెప్తాను. ఊరుకున్నాను."

అన్నేళ్లు ఒక్క మాట అనలేదు ఆయన. పిన్నికి చెప్పలేదు, నాకు చెప్పలేదు. మేమిద్దరమే దాస్తున్నామనుకున్న గుట్టుని మా పక్కనే కూర్చుని తనూ దాచాడు. ఆ సంగతి విన్నాక, దాన్ని చెప్పుకోవాల్సిన మనిషి పిన్నే అనిపించింది. పిన్ని పోయి ఆరేళ్లయింది. ఉన్నా లాభం ఉండేది కాదు. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లిలో కలిసినప్పుడు ఆ సినిమాల మాట ఎత్తాను. అప్పటికి దానికి మోకాళ్ల నొప్పులు, కోడలితో తగువులు, బోలెడు గొడవలు. "ఏ సినిమాలే? నేనెప్పుడు సెప్పేను? నీకంతా కలలాగుంది" అని నవ్వింది. ఆ నవ్వు కూడా వేరేగా ఉంది. ఆ రోజు తిరుగు రైల్లో సొరంగాలు వచ్చినప్పుడల్లా కిటికీ అద్దంలో నా మొహమే కనిపించింది.

అమ్మ ఇంకా అప్పుడప్పుడూ ఆ రీలు దొరికిందా అని అడుగుతుంది. వెతుకుతున్నాను అంటాను. పిన్ని చెప్పిన సినిమాలేవీ ఇప్పుడు పెట్టను. అవి పక్కన పెడితే మంచివి తక్కువే మిగిలాయి.

మొన్న ఆదివారం కొత్తగా ఒకటి ఎంచాను. మాకెవరికీ తెలియని సినిమా. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వినలేదు. ఉమ్మడి కుటుంబం, చిన్న చిన్న అలకలు, అందరూ కలిసి తీర్థయాత్రకి బయల్దేరతారు. చివర చూసుకున్నాను, ఎవరూ చావరు. నిడివి పూర్తిగా ఉంది, మాట స్పష్టంగా ఉంది. అంతా సరిగ్గా కుదిరింది.

అరగంటకి అమ్మ నిద్రపోయింది. తెలియని కథ కాబట్టి నాన్నకీ అందలేదు, ఆయనా తల వెనక్కి వాల్చేశాడు. ఆపేద్దామనుకున్నాను. అంతలో సినిమాలో వాళ్లెక్కిన బస్సు ఘాట్ రోడ్డు ఎక్కింది. ఒక మలుపు, పక్కన లోయ, లోయ నిండా తెల్లగా మెరుస్తూ ఏదో పంట. నలుపు తెలుపులో వలిసె పూల పసుపు అలాగే కనిపిస్తుంది. అది అనంతగిరి దాటాక వచ్చే మలుపు. రోడ్డు పక్కన నెత్తి మీద బుట్టలతో నలుగురైదుగురు నడుస్తున్నారు. వాళ్లు నటులు కారు. బస్సు వైపు, కెమెరా వైపు తలెత్తి చూస్తున్నారు.

"అమ్మా, ఇది మన రోడ్డే," అన్నాను.

అమ్మ కదల్లేదు. నాన్న వైపు తిరిగాను. స్పీకరు ఆయన పక్కనే ఏదో పాట పాడుతోంది.

సినిమాని వెనక్కి జరిపి మళ్లీ చూశాను. రెండు మూడు క్షణాలే ఉంది. దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చుని, బుట్టలవాళ్ల మొహాలు తెలుస్తాయేమోనని మళ్లీ చూశాను. దగ్గరికి వెళ్లినకొద్దీ అవి చుక్కలు చుక్కలుగా విడిపోతున్నాయి. మళ్లీ వెనక్కి జరిగి కూర్చున్నాను.